మాస్టారి పేరు పాటలో పడాలంటే

ప్రభుత్వ ఉపాధ్యాయుల పదవీ విరమణ తేదీ ఏళ్ల ముందే తెలిసిపోతుంది. వయసు ఆంధ్రప్రదేశ్‌లో 62, తెలంగాణలో 61 నిండిన నెల చివరి రోజే ఉద్యోగానికి ఆఖరి రోజు. ఒకటో తేదీన పుట్టినవారైతే అంతకుముందు నెలాఖరుకే దిగిపోతారు. ఇంత ముందుగా తెలిసినా, సన్మాన సభలో పిల్లలు పాడే పాట మాత్రం తరచూ ఆఖరి వారంలోనే తయారవుతుంది. శాలువా, పూలమాల, జ్ఞాపిక కొనేస్తే వచ్చేస్తాయి. పాట ఎవరో ఒకరు కూర్చుని రాయాల్సిందే.

ఆ రాసేది మామూలుగా బడిలోని తెలుగు పండితులే. తొందరలో దొరికే సులువైన దారి ఒక సినిమా పాట బాణీ తీసుకుని మాటలు మార్చడం. చిక్కు చరణం దగ్గర వస్తుంది. పెద్దల గొంతుకు కట్టిన బాణీ చరణంలో పైకి లేస్తుంది. ఐదో తరగతి పిల్లలకు ఆ స్వరం అందదు. తొమ్మిది, పది తరగతుల మగపిల్లలకు గొంతు మారే వయసు కాబట్టి కొందరు కింది స్థాయికి జారిపోతారు. అందుకే పల్లవి బాగుందని బాణీని ఖాయం చేసుకోకూడదు. ముందు చరణంలోని పై స్వరాన్ని అందరిచేత పాడించి చూడాలి. అరుపుగా మారితే శ్రుతి తగ్గించాలి. తగ్గించాక పల్లవిలోని కింది స్వరాలు వినపడకపోతే ఆ బాణీనే వదిలేయాలి.

రెండో దారి గురజాడ వేసింది. 1910లో ఆయన వాడుకలోకి తెచ్చిన ముత్యాలసరం నడక పిల్లల గుంపుకు బాగా సరిపోతుంది. పాదంలో మూడు, నాలుగు, మూడు, నాలుగు మాత్రలు, మొత్తం పద్నాలుగు. నాలుగో పాదం పొట్టిగా ఉండొచ్చు. ‘తకిట తకధిమి’ అని చప్పట్లు కొడితే చాలు, వాయిద్యం లేకపోయినా లయ నిలుస్తుంది. లెక్కలు చెప్పే ఒక మాస్టారి కోసం ఇలా రాయొచ్చు:

సుద్దముక్కను పట్టి నల్లని
బల్లపై మా భయము తీర్చిన
సారు! మీరే తప్పులన్నీ
దిద్దినారూ

‘సుద్ద’ మూడు మాత్రలు, ‘ముక్కను’ నాలుగు, ‘పట్టి’ మూడు, ‘నల్లని’ నాలుగు. చివరి పాదం ఏడు మాత్రలతోనే ఆగుతుంది. మిగిలిన ఏడు మాత్రల ఖాళీలో పిల్లలు ఊపిరి తీసుకుంటారు. ‘దిద్దినారు’ను ‘దిద్దినారూ’ అని సాగదీసింది కూడా లెక్క నిండడానికే.

అసలు పరీక్ష పేరు దగ్గర. ‘విజయలక్ష్మీ’ అని పిలిస్తే మూడు, నాలుగు మాత్రలుగా సరిగ్గా ఇమిడిపోతుంది. ‘సత్యనారాయణ’ అలా కుదరదు. ‘సత్య’ మూడు, ‘నారా’ నాలుగు అయ్యాక ‘యణ’ రెండు మాత్రల దగ్గరే ఆగి, ఒక మాత్ర తక్కువవుతుంది. ‘సత్యనారాయణకు’ అనో ‘సత్యనారాయణను’ అనో విభక్తి చేరిస్తే లెక్క సరిపోతుంది. ఇది చూసుకోకుండా పేరును ఇరికిస్తే సగం మంది ముందు, సగం మంది వెనక పలుకుతారు. సభలో అందరూ చెవులు రిక్కించేది ఆ పేరు కోసమే కనుక తప్పు కూడా అక్కడే బయటపడుతుంది.

మాటల ఎంపికలో ఇంకో ఇబ్బంది ఉంది. ‘విజ్ఞాన జ్యోతి’, ‘ఆదర్శమూర్తి’ లాంటివి రాసేవారి కలానికి ముందుగా తగులుతాయి. అవి ఏ ఉపాధ్యాయుడికైనా అతుకుతాయి. రాసిన చరణంలో పేరు తీసి పక్క బడి టీచరు పేరు పెట్టి చూడాలి. ఏమీ తేడా రాకపోతే ఆ చరణాన్ని కొట్టేయొచ్చు. దానికి బదులు పిల్లలనే అడిగితే సామగ్రి దొరుకుతుంది. సారు ఎక్కాలు ఎలా అప్పజెప్పించుకునేవారు, హోంవర్క్ చేయని రోజు ఏమనేవారు, వానాకాలంలో బడికి ఎలా వచ్చేవారు వంటివి. ఒక్కో చరణానికి ఒక్క సంగతి చాలు. పల్లవి, మూడు చరణాలు కలిపి నాలుగు నిమిషాలు దాటకపోతే పిల్లలు కాగితం చూడకుండా పాడగలుగుతారు.

సాధనలో మాటలను మొదట బాణీ లేకుండా, చప్పట్లతో చదివించాలి. నాలుక తడబడే మాటలు అప్పుడే తెలుస్తాయి. వాటిని సరిదిద్దే కంటే మార్చేయడం మేలు. మైకు ఒకటే ఉంటే మాట స్పష్టంగా పలికే నలుగురిని ముందు వరుసలో నిలబెట్టాలి. ఒంటి గొంతుతో పాడే చరణం ఉంటే దాన్ని మొదట్లోనే పెట్టడం క్షేమం. చివరికి వచ్చేసరికి పాడే పిల్లకే ఏడుపు ముంచుకొస్తే పాట మధ్యలో ఆగిపోతుంది. ఆఖరి చరణం అందరూ కలిసి పాడేదైతే ఇద్దరు ముగ్గురి గొంతు పూడుకుపోయినా మిగతావాళ్లు లాక్కుపోతారు. కార్యక్రమంలో ఈ పాటను వక్తల ప్రసంగాలన్నీ అయ్యాక కాకుండా రెండు మూడు ప్రసంగాల తర్వాతే పెడితే, ఎండలో కూర్చున్న చిన్న తరగతుల పిల్లలు కూడా ఓపికగా గొంతు కలుపుతారు.