కత్తెర పడకముందే

ఒంటి మీద వేసుకోకుండానే ఒక బట్టను ఫొటోలోని మనిషికి తొడిగి చూపే పద్ధతిని వర్చువల్ ట్రై-ఆన్ అంటారు. రెడీమేడ్ బట్టలను ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ల కోసం పుట్టిన ఈ పద్ధతి, కొలతలు తీసుకుని కుట్టే దర్జీకి ఎంతవరకు పనికొస్తుందో ఒక ఊహా ఉదాహరణతో చూడవచ్చు.

కోస్తా పట్నంలో ఒక పాత దుకాణం. దర్జీకి డెబ్బై ఏళ్లు. మెడ, చేతుల డిజైన్లను నోటుపుస్తకంలో పెన్సిలుతో గీసి చూపడం ఆయన అలవాటు. ఒకావిడ గద్వాల్ చీర తెచ్చి, కూతురి పెళ్లికి బోట్ నెక్, మోచేతుల దాకా చేతులు, చేతి అంచుకు చీర జరీ అంచు కావాలంది. గీత చూసి ఎటూ తేల్చుకోలేకపోయింది. అప్పుడు మనవడు, “తాతయ్యా, ఆవిడ ఫొటో మీదే చూపిద్దాం” అని ఫోన్ తీశాడు.

ఫోన్ పంపిన ఫొటో మీద ఏఐ మొదట ఏది చర్మం, ఏది జుట్టు, ఏది బట్ట అని విడదీస్తుంది. భుజాలు, మోచేతులు, నడుము ఎక్కడున్నాయో గుర్తిస్తుంది. తర్వాత ఒంటి మీది బట్టను చెరిపేసి, ఆ ఖాళీలో కొత్త బట్టను నింపుతుంది. 2018లో వచ్చిన విటాన్ అనే పరిశోధన బట్ట బొమ్మను రబ్బరు షీటులా సాగదీసి ఒంటి ఆకారానికి అమర్చింది. 2023లో గూగుల్, వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపిన ట్రైఆన్‌డిఫ్యూజన్ పద్ధతి బట్టను ఆ భంగిమకు తగ్గట్టు మళ్లీ చిత్రిస్తుంది. అంటే తెర మీద కనిపించే మడతలు, నీడలు నిజమైన బట్టవి కావు, అలా ఉండవచ్చని వేసిన అంచనాలు.

ఇలాంటి పరికరాలు సాధారణంగా కుట్టిన బట్ట ఫొటోనే అడుగుతాయి. పెన్సిలు గీత ఇస్తే ముందు దాన్నుంచి ఒక జాకెట్టు బొమ్మ తయారవ్వాలి. పొరపాట్లు ఎక్కువగా దొర్లేది అక్కడే: జరీ అంచులోని గోపురాలు పూలగా మారిపోవచ్చు. అందుకే గీతకన్నా దర్జీ లోగడ కుట్టిన అదే మెడ జాకెట్టును నేల మీద పరిచి తీసిన ఫొటో బాగా పనిచేస్తుంది. ఇన్నేళ్ల పనితనం ఉన్న దుకాణంలో ఇలాంటి నమూనాలకు కొదవుండదు.

మొదటి ప్రయత్నం చెడింది. ఆవిడ ఫొటోలో పైట భుజం మీద ఉండటంతో ఏఐ పైటనూ జాకెట్టులో కలిపేసింది. విటాన్ పరిశోధనలో వాడినవి ఎదుటి నుంచి తీసిన మహిళల టాప్‌ల ఫొటోలు. అలాంటివాటితో నేర్చిన పరికరానికి చీరకట్టు కొత్త. చుడీదార్ వేసుకుని, జడ వెనక్కి వేసి, చేతులు ఒంటికి కాస్త ఎడంగా పెట్టి తీసిన ఫొటోతో రెండోసారి బాగా వచ్చింది.

అందులో ఒక మంచి సంగతి బయటపడింది. బోట్ నెక్ మెడ దాకా మూసేయడంతో, ఆవిడ పెళ్లికి పెట్టుకోవాలనుకున్న నెక్లెసు చర్మం మీద కాక బట్ట మీద పడుతోంది. “మాస్టారూ, మెడ కాస్త దించండి” అంది. జాకెట్టు కుట్టడం పూర్తయ్యాక ఈ మాట వస్తే, మెడ అంచు పనంతా విప్పి తిరిగి చేయాల్సి వస్తుంది.

అయితే ఏఐకి అంగుళాలు తెలియవు. ఒక్క ఫొటోనుంచి మనిషి ఎత్తు కూడా కచ్చితంగా తేలదు. పక్కన కొలత తెలిసిన వస్తువు ఉంటేనే కొంత అంచనా కట్టవచ్చు. ఆది జాకెట్టు ప్రకారం చేయి పొడవు పది అంగుళాలైతే బొమ్మలో అది ఎక్కడైనా ఆగవచ్చు. ఆవిడ కుడి భుజం ఎడమదానికన్నా కాస్త కిందికి ఉంది. బొమ్మ రెండిటినీ సమం చేసి చూపింది. దర్జీ టేపు పెట్టి, కుడి వైపు పావు అంగుళం తగ్గించాలని రాసుకున్నాడు. వెనక మెడ లోతు, చంక దగ్గర బిగువు, లైనింగ్ వేశాక గుడ్డ ఎంత బిరుసుగా నిలబడుతుందన్నవి ముందు వైపు ఫొటోలో ఎలాగూ కనిపించవు.

బొమ్మను నమ్మవచ్చో లేదో తేల్చడానికి అసలు ఫొటోను పక్కన పెట్టి చూడాలి. గాజుల సంఖ్య మారిందా, వేళ్లు కలిసిపోయాయా, నడుము సన్నబడిందా? మనిషే మారితే బట్ట కూర్పును నమ్మకూడదు. కొన్ని పరికరాలు ఒంటిని నాజూకుగా చూపిస్తాయి. అలాంటి బొమ్మ చూసి మురిసిన ఖాతాదారు, జాకెట్టు వేసుకున్నాక దర్జీనే తప్పుపట్టవచ్చు.

ఫొటో చాలాసార్లు ఫోన్‌లో ఆగదు, వేరే సంస్థ కంప్యూటరుకు వెళ్తుంది. కాబట్టి ముందు అడిగి ఒప్పుకుంటేనే తీయడం, వీలైతే ఆవిడ ఫోన్‌లోనే పని జరిపించడం మేలు. వద్దన్నవాళ్లకు ముఖం కత్తిరించిన ఫొటో చాలు. మెడా చేతులూ చూడటానికి ముఖంతో పని లేదు.