రేపు క్లాసుకి రాలేనని మాస్టారికి చెప్పాలంటే

హైదరాబాద్‌లో కారు నేర్పే మాస్టారికి తెల్లారేది ఐదింటికే. రోడ్లు నిండకముందే, అంటే తొమ్మిదిలోపు, ఆయన నలుగురైదుగురిని కూర్చోబెట్టి నడిపించాలి. ఒక్కొక్కరికీ అరగంటో ముప్పావుగంటో. ఒకరి క్లాసు అయ్యాక కారు స్కూలుకి వెళ్లి మళ్లీ రావడం అరుదు. దారిలోనే తర్వాతివాళ్లు ఎక్కుతారు, అయిపోయినవాళ్లు వెనక సీట్లోకి జరిగి ఇంటి దగ్గర దిగుతారు. అందుకే మధ్యలో ఒకరు రాకపోతే ఆ అరగంట ఒక్కటే పోదు. తర్వాతి మనిషి ఇంకా తయారవకముందే కారు వాళ్ల గేటు ముందు ఆగుతుంది, లేకపోతే మాస్టారు టీ కొట్టు దగ్గర కూర్చుంటారు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న ఒక అమ్మాయికి గురువారం పొద్దున ఆరున్నరకి క్లాసు ఉందనుకుందాం. బుధవారం రాత్రి తొమ్మిదిన్నరకి మేనేజర్ సరిగ్గా ఆ టైముకే క్లయింట్ కాల్ పెట్టాడు. మనకి పొద్దున ఆరున్నర అంటే కాలిఫోర్నియా వాళ్లకి ముందురోజు సాయంత్రం, వాళ్లకి అనువైన వేళే. ఇక కాల్ జరగదు, క్లాసే జరపాలి. మాస్టారికి ఆమె పంపాల్సిన వాట్సాప్ మెసేజ్ దాదాపు ఇలా ఉంటే చాలు:

"సార్, నేను ఆరున్నర క్లాసు, బ్యాంక్ కాలనీ గేటు దగ్గర ఎక్కే అమ్మాయిని. రేపు గురువారం పొద్దున ఆఫీసు కాల్ ఇప్పుడే పెట్టారు, క్లాసుకి రాలేను. శుక్రవారం మామూలుగా వస్తాను. రేపటి క్లాసు శనివారం గానీ ఆదివారం గానీ ఏడున్నరకి పెట్టగలరా? ఇంకా రివర్స్ నేర్చుకోవాలి. సారీ సార్."

గేటు సంగతితో మొదలుపెట్టడానికి కారణం ఉంది. పది పదిహేను మంది నేర్చుకుంటున్నప్పుడు మాస్టారికి మనుషులు పేర్లకంటే ఎక్కే చోటుతోనే ఎక్కువ గుర్తుంటారు. ఇక 'రేపు' పక్కన వారం పేరు తప్పకుండా ఉండాలి. అర్ధరాత్రి పన్నెండు దాటాక 'రేపు రాను' అని పంపితే, ఐదింటికి లేచి చూసిన మాస్టారు అది శుక్రవారం అనుకుని గురువారం గేటు దగ్గరికి వచ్చేస్తారు. జ్వరం వచ్చిందని రాయాల్సిన పనీ లేదు. ఆఫీసు పని అంటే ఆయనకి అర్థమవుతుంది, పైగా శుక్రవారం చలాకీగా ఎక్కితే ఆ జ్వరం సంగతి తేలిపోతుంది.

'మీకు ఎప్పుడు వీలైతే అప్పుడు' అనడం మర్యాదగా కనిపిస్తుంది కానీ, పొద్దున్నే ఆయన చేత లెక్కలు వేయిస్తుంది. రెండు రోజులు చెబితే ఒకటి ఎంచుకోవడం తేలిక. దానికి ఆయన బొటనవేలి గుర్తు పెట్టారనుకోండి, ఒప్పుకున్నది రాకపోవడానికా, శనివారానికా? 'శనివారం ఏడున్నర ఖాయమేనా సార్' అని ఇంకో ముక్క అడగాలి.

మెసేజ్‌కి రాత్రి పదిలోపు జవాబు రాకపోతే ఒకసారి ఫోన్ చేయడం తప్పు కాదు. పొద్దున ఆరు దాటాక మాత్రం ఇబ్బంది. అప్పటికి ఆయన పక్కన మరో కొత్త మనిషి స్టీరింగ్ పట్టుకుని ఉంటుంది, ఆయన కాలు తన వైపున్న బ్రేకు మీద ఉంటుంది. అప్పుడు మెసేజ్ చదవలేరు, ఫోనెత్తితే ఆ నేర్చుకునే మనిషి కంగారుపడుతుంది.

పోయిన క్లాసు మళ్లీ చెబుతారా అన్నది స్కూలుని బట్టి ఉంటుంది. ముందురోజే చెబితే సర్దుతారు, గేటు దాకా వచ్చాక చెబితే అయిపోయినట్టే లెక్కేస్తారు కొందరు. ఇక్కడ రిజిస్టర్ సంగతి చూసుకోవాలి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం కారు శిక్షణ 21 రోజులకి తగ్గకూడదు, బండి నడిపిన సమయం 10 గంటలకి తగ్గకూడదు. ఎవరు ఎంతసేపు నడిపారో స్కూలు ఫారం 15లో రాసి నేర్చుకునేవాళ్ల సంతకం తీసుకోవాలి. రాని గురువారానికి సంతకం పెడితే ఆ గంటలు కాగితం మీదే ఉంటాయి, చేతికి రావు.

లెర్నర్ లైసెన్స్ ఆరు నెలలు చెల్లుతుంది, తీసుకున్న 30 రోజుల తర్వాత టెస్టుకి వెళ్లొచ్చు. కాబట్టి ఒక క్లాసు జరిగితే కొంప మునగదు. ఆర్టీఓ స్లాట్ వచ్చే సోమవారమే ఉంటే మాత్రం ఆ సంగతి మెసేజ్‌లో మొదటే రాయాలి. అది తెలిస్తే మాస్టారు శనివారం రెండు క్లాసులు కలిపి ఇవ్వొచ్చు, అదీ రివర్స్, ఎనిమిది అంకె మీదే.

అదే ఆరున్నర కాల్ ప్రతి గురువారం ఉంటుందని తేలితే వారం వారం మెసేజ్ పెట్టడం దండగ. ఏడున్నర క్లాసువాళ్లతో చోటు మార్చుకోవచ్చా అని అడగాలి. ఎవరు ఒప్పుకుంటారో అందరికంటే బాగా తెలిసేది మాస్టారికే, ఎందుకంటే ముందే లేచి గేటు దగ్గర నిలబడేవాళ్లని ఆయన రోజూ చూస్తుంటారు.