కళ్లతో కాదు, చెవితో లెక్కపెట్టండి: ఏడు ప్రశ్నలు, వాటి కీ

ఇంటర్ రెండో ఏడాది విద్యార్థులకు ఇంగ్లిష్ ఉచ్చారణ పాఠం పరీక్ష ముందు రాత్రి ఓ జాబితాలా కనిపిస్తుంది. జాబితాను బట్టీ పడితే అందులో లేని మాట వచ్చినప్పుడు చెయ్యి ఆగిపోతుంది. ఈ ఏడు ప్రశ్నలకు ముందు కాగితం మీద జవాబులు రాసుకోండి. మాటల్ని మాత్రం పైకి పలకండి. మనసులో చదివితే ఈ పరీక్ష రాసినట్టు కాదు.

1. ఫిల్మ్, బ్యూటిఫుల్, బిజినెస్: ఒక్కోదాంట్లో ఎన్ని సిలబుల్స్?
2. వాక్, వాంట్. వీటికి ఈడీ చేర్చి భూతకాలంలో పలికితే ఎన్నెన్ని?
3. ఎడ్యుకేషన్, ఎకనామిక్, ఎలక్ట్రిసిటీ: స్ట్రెస్ ఎక్కడ?
4. ఫొటోగ్రాఫ్, ఫొటోగ్రాఫర్, ఫొటోగ్రాఫిక్: మూడింటికీ స్ట్రెస్ గుర్తు పెట్టండి.
5. ‘రికార్డు బద్దలు కొట్టింది’ అనే అర్థంలోనూ, ‘మాటల్ని రికార్డ్ చేయండి’ అనే అర్థంలోనూ రికార్డ్‌ను ఇంగ్లిష్‌లో ఒకేలా పలుకుతారా?
6. ‘వేర్ డు యు లివ్?’, ‘డు యు లివ్ ఇన్ వరంగల్?’ వీటిలో చివర గొంతు పైకి వెళ్లేది ఏది?
7. ‘ఇట్స్ కోల్డ్, ఇజంట్ ఇట్?’ దీన్ని రెండు విధాలుగా అనవచ్చు. తేడా ఏమిటి?

ఇక కీ. మొదటి ప్రశ్నలో ఫిల్మ్ ఒకటే సిలబుల్. ఇక్కడ ఎక్కువమంది రెండు అని రాస్తారు, ఎందుకంటే మనం మాట్లాడేటప్పుడు ‘ఫిలిం’ అంటాం. హల్లు మీద ఆగడం తెలుగు నోటికి అంత హాయిగా ఉండదు. అందుకే బస్ బస్సవుతుంది, డెస్క్ డెస్కవుతుంది, సిలబుల్ ఒకటి అదనంగా చేరుతుంది. పరీక్షలో లెక్క తప్పేది చాలాసార్లు ఇక్కడే. బ్యూటిఫుల్ స్పెల్లింగ్‌లో అచ్చులు అయిదున్నా వినపడేవి మూడే, కాబట్టి మూడు. బిజినెస్‌ను ఇంగ్లిష్ వాళ్లు ‘బిజ్‌-నెస్’ అంటారు, అది రెండే. సిలబుల్ అంటే ఒక అచ్చు ధ్వని చుట్టూ కట్టిన ముక్క. రాతలోని అచ్చుల సంఖ్యకూ దానికీ సంబంధం లేదు.

రెండో ప్రశ్నకూ చెవే ఆధారం. ‘వాక్ట్’ ఒకటి, ‘వాంటిడ్’ రెండు. క్రియ చివర ట లేదా డ ధ్వని ఉంటేనే ఈడీ విడి సిలబుల్ అవుతుంది. లేకపోతే ముందు ముక్కలోనే కలిసిపోతుంది.

మూడో ప్రశ్నలోని మాటల్ని చివరి నుంచి చూడాలి. షన్, ఇక్, ఇటీ అని ముగిసే మాటల్లో ఆ ప్రత్యయానికి సరిగ్గా ముందున్న సిలబుల్ మీద స్ట్రెస్ పడుతుంది: ఎడ్యు'కేషన్, ఎక'నామిక్, ఎలక్'ట్రిసిటీ. ఈ నియమం చాలావరకు నిలుస్తుంది. ఈ-ఈ తో ముగిసే మాటలకు మాత్రం నమ్మకం తక్కువ. ఎంప్లాయీ అనే మాటలో సాధారణంగా చివరి ముక్కను నొక్కుతారు, కమిటీలో మధ్య ముక్కను, కాఫీలో మొదటి ముక్కను.

నాలుగోది ఈ పరీక్షకు గుండెకాయ. 'ఫొటోగ్రాఫ్‌లో నొక్కు మొదటి సిలబుల్ మీద ఉంది. మనిషిని చెప్పేటప్పుడు అది రెండో సిలబుల్‌కు జరిగి ఫ'టాగ్రఫర్ అవుతుంది. విశేషణంలో మూడోదానికి వెళ్లి ఫొటో'గ్రాఫిక్ అవుతుంది. స్ట్రెస్ కదిలినప్పుడల్లా అచ్చులు మారుతున్నాయి చూడండి. నొక్కిన చోట ‘టా’ నిండుగా వినపడుతుంది, నొక్కు తప్పిన ‘ఫొ’ నలిగి ‘ఫ’ అయిపోతుంది. స్ట్రెస్ ఎక్కడుందో తేలకపోతే ఏ అచ్చు నలిగిందో వెతకండి. నలిగినచోట నొక్కు ఉండదు. తెలుగులో ప్రతి అచ్చునూ నిండుగా పలికే అలవాటు వల్ల ఈ తేడా మన చెవికి వెంటనే అందదు. డిక్షనరీ యాప్‌లో మూడు మాటలూ ఒకదాని వెంట ఒకటి వింటే తెలిసిపోతుంది.

అయిదో ప్రశ్నకు జవాబు, ఒకేలా పలకరు. నామవాచకమైతే మొదటి సిలబుల్ మీద, క్రియ అయితే రెండోదాని మీద స్ట్రెస్. ప్రెజెంట్ కూడా ఇదే దారిలో నడుస్తుంది. కానీ ఇలాంటి జంటలన్నీ మారవు, ఆన్సర్ నామవాచకమైనా క్రియ అయినా మొదటి సిలబుల్ మీదే.

ఆరో ప్రశ్నలో గొంతు పైకి వెళ్లేది రెండోది. అవును, కాదు అని జవాబు కోరే ప్రశ్నలో మామూలుగా స్వరం లేస్తుంది. ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు అని అడిగే ప్రశ్నలో దిగుతుంది. ప్రశ్నార్థకం కనపడగానే గొంతు పెంచడం మామూలు పొరపాటు.

ఏడోదాంట్లో చివరి ముక్క దిగితే, చలిగా ఉందని మీకు తెలుసు, ఎదుటివాళ్లు ఒప్పుకోవాలి, అంతే. లేస్తే మీరు నిజంగానే అడుగుతున్నారు. అక్షరాలు ఒకటే అయినా అర్థం వేరు కాబట్టి, పరీక్షలో సందర్భం చదవకుండా బాణం గుర్తు వేయకండి.

చివరిగా ఒక మాట. స్ట్రెస్ గుర్తు సిలబుల్ మొదలయ్యే చోట, దాని ముందు, పైవైపు నిలువుగా గీయాలి. అచ్చు నెత్తిన పెడితే ఏ సిలబుల్ అన్నది దిద్దేవారికి తెలియదు.