బుధవారం గదికి రోజుకో ధర ఎందుకు?

హైదరాబాద్‌లో మాదాపూర్, గచ్చిబౌలి వైపు హోటళ్లకు మంగళ, బుధవారాలే పండగ. ఆఫీసు పనుల మీద వచ్చేవాళ్లు సోమవారం దిగి, గురువారం సాయంత్రానికి వెళ్లిపోతారు. విశాఖ బీచ్ రోడ్డులో ఇందుకు తిరకాసు, అక్కడ రద్దీ అంతా శని, ఆదివారాలదే. వారాన్ని బట్టి ధర మారుతుందన్నది చాలామందికి తెలుసు. తికమక పెట్టేది వేరే ఉంది. రెండు వారాల తర్వాత వచ్చే అదే బుధవారానికి, అదే గదికి, పొద్దున ఫోన్‌లో 6,200 రూపాయలు చూపించిన హోటల్ సాయంత్రానికి 7,100 ఎందుకు చూపిస్తుంది?

ఈ లెక్క విమానాల నుంచి వచ్చింది. 1985లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన చౌక టికెట్ల పోటీదారు పీపుల్ ఎక్స్‌ప్రెస్‌ను ఎదుర్కోవడానికి కొన్ని సీట్లనే బాగా తగ్గించి అమ్మింది. మిగతా వాటిని ఆఖరి రోజుల్లో ఎక్కువ డబ్బు పెట్టగల ప్రయాణికుల కోసం అట్టిపెట్టింది. ఆ పద్ధతిని మారియట్ వంటి హోటల్ సంస్థలు అందిపుచ్చుకున్నాయి. ఖాళీగా వెళ్లిన సీటులాగే, ఈ రాత్రి అమ్ముడుపోని గది కూడా రేపటికి నిల్వ ఉండదు. అలాగని ముందే చవగ్గా అమ్మేస్తే, తర్వాత ఎక్కువ ఇచ్చే అతిథి వచ్చినప్పుడు తాళం చెవి చేతిలో ఉండదు.

హోటల్లో ఈ పని చూసే ఉద్యోగిని రెవెన్యూ మేనేజర్ అంటారు. పొద్దున్నే ఆ మేనేజర్ తెరిచే నివేదికలో రాబోయే ప్రతి తేదీకి ఇప్పటిదాకా ఎన్ని గదులు బుక్ అయ్యాయి, నిన్నటి నుంచి ఎన్ని పెరిగాయి అన్నది ఉంటుంది. ఈ పెరుగుదలను పికప్ అంటారు. బుకింగులు వస్తున్న వేగం పేస్. గదులు ఎంత శాతం నిండాయన్న ఒక్క సంఖ్యతో ఏదీ తేలదు. 60 శాతం నిండాయంటే, రేపటి తేదీకైతే అది దిగులు పడాల్సిన సంగతి. రెండు నెలల తర్వాతి తేదీకైతే ధర మరీ తక్కువ పెట్టారని అర్థం.

ఒక ఊహా హోటల్‌తో లెక్క వేసి చూద్దాం. గదులు 120. మామూలు బుధవారానికి రెండు వారాల ముందు 54 గదులు బుక్ అయి ఉంటాయి. వారం ముందు 78, చివరకు 108. అంటే ఆఖరి రెండు వారాల్లో మరో 54 గదులు వస్తాయి. రాబోయే ఒక బుధవారానికి మాత్రం ఇప్పటికే 72 ఉన్నాయి, మామూలు కంటే 18 ఎక్కువ.

ఇక్కడ తొందరపడే మేనేజర్ 72ను రెండింతలు చేసి, 144 గదులకు గిరాకీ ఉందని ధర పెంచేస్తారు. అనుభవమున్న మేనేజర్ ముందు అడిగేది, ఆ 18 ఎవరివి? ఒకే పెళ్లివారు తీసుకున్న గదులైతే, ఊళ్లో గిరాకీ పెరిగిందనడానికి అది సాక్ష్యం కాదు. ఆ బృందాన్ని పక్కనపెడితే మిగిలేది 54, అంటే మామూలు బుధవారమే. దానికి చివరకు 108 గదులు వస్తాయి. పెళ్లివారు అడిగినన్ని గదులూ ఎప్పుడూ వాడుకోరు. 18లో 15 నిలుస్తాయనుకుంటే మొత్తం 123. హోటల్ నిండుతుంది కానీ పోటెత్తదు. బాగా చవకైన రాయితీలు ఆపి, ధర కొద్దిగా పెంచితే సరిపోతుంది.

అదే 18 గదులు మూడు రోజుల్లో విడివిడిగా, వేర్వేరు ఊళ్ల నుంచి, వేర్వేరు వెబ్‌సైట్ల ద్వారా వచ్చాయనుకోండి. అప్పుడు ఊళ్లో ఏదో జరగబోతోంది. సదస్సో, పరీక్షో, క్రికెట్ మ్యాచో కనుక్కోవాలి. ఇలాంటి రోజున 144 అంచనా నమ్మదగినదే.

మరి ఎంత పెంచాలి, ఏ రేటు ఆపాలి? దీనికి 1972లో బ్రిటిష్ విమానయాన రంగంలో పనిచేసిన కెన్ లిటిల్‌వుడ్ ఇచ్చిన సూత్రమే ఇప్పటికీ పునాది. ఇవాళ 5,500 రూపాయలకు ఒకరు గది అడుగుతున్నారు. అట్టిపెడితే చివర్లో 8,500 ఇచ్చే అతిథి రావచ్చు, రాకపోవచ్చు. 5,500ను 8,500తో భాగిస్తే సుమారు 0.65. అలాంటి అతిథి వచ్చే అవకాశం 65 శాతం కంటే ఎక్కువుంటే గది ఆపాలి, తక్కువుంటే ఇచ్చేయాలి. ఆ అవకాశాన్ని కొలిచేది పాత బుకింగుల చరిత్రే.

అన్ని గదులూ నింపడమే గొప్ప అనుకుంటే కూడా పొరపాటే. 108 గదులు 6,000 చొప్పున అమ్మితే 6,48,000 రూపాయలు వస్తాయి. 96 గదులే 7,000 చొప్పున అమ్మితే 6,72,000. పన్నెండు గదులు ఖాళీగా ఉన్నా రాబడి ఎక్కువ, ఉతకాల్సిన దుప్పట్లు తక్కువ. అందుకే ఈ రంగంలో రాబడిని ఉన్న గదులన్నిటితో భాగించి చూస్తారు. దాన్ని రెవ్‌పార్ అంటారు.

మన దేశంలో ధర పెంచేటప్పుడు పన్ను గట్టు ఒకటి అడ్డొస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 వరకు ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. 7,500 గదికి అతిథి కట్టేది 7,875. హోటల్ వంద రూపాయలు పెంచి 7,600 చేస్తే అతిథి చేతి నుంచి పోయేది 8,968. హోటల్‌కు వంద కోసం అతిథికి 1,093 రూపాయల భారం. అందుకే ధర 7,500 దగ్గర ఆగి, గిరాకీ గట్టిగా ఉందని తేలాకే ఒక్కసారిగా పైకి దూకడం మేలు.

అంచనా ఎక్కువగా దెబ్బతినేది పోల్చుకునే రోజును తప్పుగా ఎంచుకున్నప్పుడు. నిరుటి తేదీతో పోలిస్తే ఆ తేదీ వేరే వారం అయి ఉంటుంది. నిరుటి వారంతో పోల్చినా దసరా జరిగి ఉంటుంది. తెలుగునాట ఇంకో చిక్కు పెళ్లి ముహూర్తాలు. మూఢం వచ్చిన రోజుల్లో పెళ్లిళ్ల బుకింగులు ఉండవు, అది ముగిశాక ఒక్కో ముహూర్తానికి ఊళ్లో హాళ్లన్నీ నిండుతాయి. మూఢం ప్రతి ఏడూ ఒకే నెలలో రాదు కాబట్టి, పంచాంగం చూడని అంచనా ఇక్కడ నిలవదు.

ఇంకో లోపం కంటికి కనిపించదు. పోయినేడు ఆ రోజున పదిరోజుల ముందే 120 గదులూ నిండిపోతే, రికార్డులో 120 అనే ఉంటుంది. గది దొరక్క వెనుదిరిగినవాళ్లు అందులో ఉండరు. ఆ సంఖ్యను నమ్మిన మేనేజర్ ఈసారీ తక్కువ ధరకే అమ్మి, ఈసారీ పదిరోజుల ముందే నింపేస్తారు. మరీ తొందరగా నిండిన తేదీయే ఈ తప్పుకు ఆనవాలు.

పేస్ ఎంత వేగంగా మారగలదో 2023లో అహ్మదాబాద్ చూసింది. ప్రపంచకప్‌లో భారత్, పాకిస్థాన్ మ్యాచ్ అక్టోబరు 15న అక్కడేనని జూన్ 27న ప్రకటించగానే హోటల్ ధరలు ఆకాశానికి ఎగిశాయి. నవరాత్రి అదే రోజు మొదలవుతున్నందున ఆగస్టులో మ్యాచ్‌ను 14వ తేదీకి జరిపారు. 15 చుట్టూ గదులు తీసుకున్నవాళ్లు తేదీలు మార్చుకోవాల్సి వచ్చింది. బుక్ అయిన గదికి, అతిథి నిజంగా దిగిన గదికి మధ్య ఎంత దూరం ఉండగలదో ఇలాంటప్పుడే బయటపడుతుంది. మామూలు రోజుల్లో కూడా రద్దయ్యేవాటిని, చెప్పకుండా రానివాళ్లను తీసేశాకే అంచనా లెక్కకు వస్తుంది.

పేస్ మందగిస్తే వెంటనే ధర తగ్గించాలనిపిస్తుంది. అక్కడా నిదానం కావాలి. మంగళవారం రాత్రి బుధవారానికి గది వెతికే వ్యాపారి ఐదు వందలు తగ్గినందుకు ఆ ఊరు రాడు, పని ఉంటేనే వస్తాడు. కానీ ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న పాత అతిథులు తగ్గిన ధర చూసి, పాత బుకింగ్ వదిలి కొత్తది చేసుకుంటారు. గదులు పెరగవు, రాబడి తగ్గుతుంది. అందుకే చాలా హోటళ్లు బయటికి కనిపించే ధర ముట్టుకోకుండా, రద్దుకు వీలులేని గదికో, మూడు రాత్రులు ఉండేవాళ్లకో మాత్రమే రాయితీ ఇస్తాయి. మూడు రాత్రుల షరతుకు కారణం ఆదివారమే. సోమవారం పని ఉన్నవాళ్లు ఒకరోజు ముందే దిగితే, ఆ వారంలో అమ్మడానికి అన్నిటికంటే కష్టమైన రాత్రి నిండుతుంది.