ఏడు వారాల వీడియోలు, ఒకే పూట చిత్రీకరణ

భక్తి షార్ట్‌లు చేసే ఇళ్లలో చాలామంది రోజుకొకటి తీస్తారు. ఆదివారం సూర్యుడు, సోమవారం శివుడు, మంగళవారం ఆంజనేయుడు... ఏ రోజు దేవుణ్ని ఆ రోజే. ఫోన్ స్టాండు నిలబెట్టి, లైటు సరిచూసి, వెనక గుడ్డ కట్టి, నలభై సెకన్ల వీడియో తీసి, మళ్లీ అన్నీ విప్పేస్తారు. మాటలకు ఒక ఏర్పాటు, చేతులు కనిపించే దృశ్యానికి ఒకటి, దేవుడి దగ్గరి దృశ్యానికి ఒకటి అనుకున్నా వారానికి ఇరవై ఒక్క ఏర్పాట్లు. ఒక్కోదానికి పది నిమిషాలు వేసుకున్నా మూడున్నర గంటలు సర్దడానికే పోతాయి.

అన్నీ ఒకే రోజు తీస్తే ఈ శ్రమ తగ్గుతుంది. కానీ ఆదివారంతో మొదలుపెట్టి శనివారం దాకా వరసగా తీసుకుంటూ పోతే పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. సోమవారం అభిషేకంతో పీట తడుస్తుంది, శుక్రవారం కుంకుమతో వేళ్లు ఎర్రబడతాయి. ఆపైన తీసే ప్రతి దృశ్యంలోనూ ఆ మరకలు కనిపిస్తాయి. కాబట్టి చిత్రీకరణ వరసను వారం పేర్లు కాదు, వెనక్కి తీసుకోలేని పనులు నిర్ణయించాలి. పొడివి ముందు, తడివి తర్వాత. మరక పడనివి ముందు, పడేవి తర్వాత. పొగ అన్నిటికంటే చివర.

ఒక వారాన్ని తీసుకుని చూద్దాం. ఆదివారం సూర్యుడికి రాగి చెంబుతో అర్ఘ్యం. సోమవారం శివుడికి మారేడు దళం, పాలాభిషేకం. మంగళవారం ఆంజనేయుడికి తమలపాకుల దండ. బుధవారం వినాయకుడికి గరిక. గురువారం దక్షిణామూర్తికి శనగల మాల. శుక్రవారం లక్ష్మీదేవికి కుంకుమార్చన. శనివారం వేంకటేశ్వరుడికి పిండి దీపం. ఇంటావిడ మాట్లాడుతుంది, కొడుకో కోడలో ఫోన్ పట్టుకుంటారు. శనగలు ముందు రాత్రే నానబోయాలి, లేకపోతే సూది దిగదు. మాటలు కూడా ముందు రాత్రే రాసుకోవాలి. నిదానంగా చెబితే నలభై సెకన్లలో అరవై, డెబ్భై మాటలకు మించి పట్టవు.

ఈ ఏడింటిలో మన వీలు చూడనిది ఒక్కటే, అర్ఘ్యం. సూర్యుడు కాస్త పైకి వస్తే ఆ మెత్తని వెలుగు పోతుంది. అందుకే రోజు మేడమీద మొదలవ్వాలి. ఫోన్‌ను ఆమె వెనక కాకుండా ఒక పక్కన, సూర్యుడికి కొంచెం ఎదురుగా ఉంచితే చెంబులోంచి పడే ధార వెలుగు పట్టి మెరుస్తుంది. సూర్యుడి వైపు వీపు పెట్టి తీస్తే అదే ధార కంటికి ఆనదు.

కిందికి దిగాక ఏడు రోజుల మాటలూ ఒకే బిగిన తీసేయాలి. వంటింట్లో కుక్కర్ ఇంకా ఎక్కలేదు, వీధిలో హారన్లు ఇంకా మొదలుకాలేదు, గొంతు తాజాగా ఉంది. ఫ్యాను ఆపాలి, ఫ్రిజ్ చప్పుడు వినిపిస్తే ఆ కాసేపు దాన్నీ ఆపాలి. ట్రైపాడ్ కాళ్ల దగ్గర నేలమీద టేపు ముక్కలు అంటిస్తే, ఎవరైనా తగిలి జరిపినా మళ్లీ అక్కడే పెట్టొచ్చు. కిటికీ వెలుతురును నమ్ముకోకూడదు. మబ్బు పట్టినప్పుడల్లా ముఖం రంగు మారిపోతుంది. తెర వేసి, పక్కనుంచి ఒక ఎల్‌ఈడీ లైటు పెట్టుకుంటే మొదటి మాటకూ ఏడో మాటకూ తేడా రాదు. మన కరెంటు యాభై హెర్ట్జ్ కాబట్టి కొన్ని బల్బుల కింద ఫోన్ తెరమీద నల్లటి పట్టీలు పాకుతుంటాయి. షట్టర్‌ను 1/50 దగ్గరో 1/100 దగ్గరో నిలిపితే అవి పోతాయి. అమెరికాలో ఉన్నవాళ్లు 1/60 పెట్టుకోవాలి.

చీర మార్చడమే అసలైన కాలహరణం. ఏడు వారాల నగల్లా ఏడు చీరలు అక్కర్లేదు, మూడు చాలు. అయితే ఒకే చీర పక్కపక్క రోజుల్లో పడకూడదు. పసుపు చీరలో ఆది, గురువారాలు తీసి, తెల్ల చీరలో సోమ, బుధ, శనివారాలు, ఎర్ర చీరలో మంగళ, శుక్రవారాలు తీస్తే సరిపోతుంది. అర్ఘ్యం ఎలాగూ పసుపు చీరలోనే ఇచ్చింది కాబట్టి దానితోనే మొదలు. వెనక గుడ్డ మాత్రం మార్చకపోవడమే మంచిదని నా అభిప్రాయం. చూసేవాళ్లు రోజుకొకటే చూస్తారు, ఆ గుడ్డను బట్టే మీ వీడియోను గుర్తుపడతారు. రంగు మారాలనిపిస్తే విగ్రహం కింద పరిచే జాకెట్టు ముక్కను మారిస్తే చాలు. తాంబూలాల్లో వచ్చినవి ప్రతి ఇంటి బీరువాలోనూ దొంతరగా ఉంటాయి.

మాటల్లో ఒక జాగ్రత్త ఉంది. ముందే తీసే వీడియోలో వారం పేరు చెప్పొచ్చు గాని, ‘ఈరోజు ఏకాదశి’ అనకూడదు. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఆ తిథి ఒక్కోసారి ముందు రోజే వస్తుంది. ఆ వారంలో ఏకాదశో సంకటహర చవితో ఉందేమో పంచాంగం చూసుకుని, ఆ ఒక్క రోజుకు విడిగా తీసుకోవాలి.

ఇక చేతుల దృశ్యాలు. ఫోన్‌ను పీటకు నిట్టనిలువుగా పైన బిగించి, లైటును పక్కనుంచి వేయాలి. పైనుంచి వేస్తే ఫోన్ నీడ పీట మధ్యలో పడుతుంది. ముందు గరిక, తర్వాత తమలపాకుల దండ, శనగల మాల, మారేడు దళం. ఇవన్నీ అయ్యాకే పిండి కలిపి దీపం చేయడం. ఆ పిండి కడిగేసుకోవచ్చు, కానీ కుంకుమ అంత తేలిగ్గా వదలదు. గోళ్ల చివర్లలో ఆ పూటంతా ఉండిపోతుంది. అందుకే కుంకుమార్చన చేతుల్లో ఆఖరిది. పాలాభిషేకం దానికీ తర్వాత, ఎందుకంటే అందులో చేతులకన్నా లింగమే కనిపిస్తుంది. తుడిచినా ఇత్తడి మీద మిగిలే నీటి చుక్కల మచ్చలు దగ్గరి దృశ్యంలో బయటపడతాయి, కాబట్టి ఆ లింగం పొడిగా కనిపించాల్సిన దృశ్యం ఏదున్నా ముందే తీసి ఉండాలి.

ఈ పనంతటికీ పూజగదిలో నిత్యం పూజలందుకునే విగ్రహాలను కదిలించకుండా, చిత్రీకరణకని వేరే విగ్రహాలూ పటాలూ పెట్టుకునే ఇళ్లు ఉన్నాయి. అది మంచి పద్ధతి. ముప్పైసార్లు అటూ ఇటూ జరిపేటప్పుడు చెయ్యి వణకదు, మనసు నొచ్చుకోదు.

చివరిది దీపం వెలుగు. గది చీకటి చేసి ప్రమిద వెలిగించగానే ఫోన్ తనంతట తాను వెలుతురు పెంచేస్తుంది. మంట తెల్లటి ముద్దయిపోతుంది, దేవుడి ముఖం వెలిసిపోతుంది. తెరమీద దేవుడి ముఖం దగ్గర వేలు కాసేపు నొక్కిపట్టి ఆ వెలుతురును అక్కడే బిగించి, తర్వాత కొంచెం తగ్గించుకోవాలి. ముందు వట్టి దీపాలతో అన్ని రోజుల దృశ్యాలూ తీసి, తర్వాత అగరుబత్తి, అన్నిటికన్నా చివర కర్పూరం. మూసిన గదిలో ఒకసారి పొగ నిండితే ఆపైన తీసినవన్నీ మసకబారతాయి. మంట చుట్టూ వలయం, దాని నుంచి అడ్డంగా ఒక గీత కనిపిస్తే మాత్రం కారణం పొగ కాకపోవచ్చు, లెన్స్ మీద పేరుకున్న నెయ్యి జిడ్డు కావచ్చు. మెత్తని గుడ్డతో తుడిచి చూస్తే తెలిసిపోతుంది.

హారతిని ఏడుసార్లు నటించాల్సిన పని లేదు. నిజంగా ఒక్కసారి ఇచ్చి, దాన్నే పక్కనుంచి, దగ్గరినుంచి తీసుకుంటే సరిపోతుంది. ప్రతి ముక్కకూ ముందు ‘సోమ, చేతులు, రెండోసారి’ అని ఎవరో ఒకరు పైకి అనాలి. లేకపోతే కూర్చేటప్పుడు ఏ చేతులు ఏ రోజువో వెతుక్కోవడానికే ఒక సాయంత్రం పడుతుంది. పూలు తీసి గుడ్డ విప్పేముందు ఏడు మాటలనూ ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినాలి, మరీ ముఖ్యంగా చివరి రెండింటినీ. గొంతు అలిసింది ఆ రెండింటిలోనే దొరుకుతుంది. మళ్లీ చెప్పించాల్సి వస్తే గది పొగ వదిలేదాకా తలుపులు తీసి ఆగాలి, అదే చీర కట్టాలి, టేపు ముక్కల మీదే ట్రైపాడ్ నిలబెట్టాలి.