ఓ గ్రూపులా కనిపించే బొంబాయి రక్తం

1952లో బొంబాయి వైద్యుడు వై.ఎం. భెండే, ఆయన సహచరులు ఒక వింత రక్తం గురించి లాన్సెట్ పత్రికలో రాశారు. ఎ, బి యాంటీసీరాలు రెండింటిలో దేనితో కలిపినా దాని కణాలు ముద్దకట్టలేదు. అలాంటప్పుడు అది ఓ గ్రూపే కావాలి. కానీ ఆ రక్తంలోని సీరం ఓ గ్రూపు కణాలను కూడా ముద్దకట్టించింది!

ఈ చిక్కుముడి విప్పాలంటే ఎర్రకణం ఒంటిమీదికి వెళ్లాలి. కణం పైపొరలో కొవ్వు అణువులు, ప్రోటీన్లు నాటుకుని ఉంటాయి. వాటిలో చాలావాటికి బయటివైపు చక్కెర గొలుసులు వేలాడుతుంటాయి. ఈ చక్కెరల పూతకే గ్లైకోకాలిక్స్ అని పేరు. గొలుసు కొసన ఫ్యూకోజ్ అనే చక్కెర అతికితే అది హెచ్ యాంటిజెన్. దాని పక్కన మరో చక్కెర చేరితేనే ఎ లేదా బి తయారవుతుంది. ఎన్-ఎసిటైల్ గెలాక్టోసమైన్ చేరితే ఎ, గెలాక్టోజ్ చేరితే బి. ఏదీ చేరకపోతే హెచ్ అలాగే మిగిలిపోతుంది, అదే ఓ గ్రూపు. ఒక్క చక్కెర తేడాతో ఒకరి రక్తం ఇంకొకరికి ప్రాణాపాయం కావడం నిజంగా ఆశ్చర్యమే.

బొంబాయి గ్రూపు వారిలో ఫ్యూకోజ్‌ను అతికించే ఎంజైము పనిచేయదు. హెచ్ లేదు కాబట్టి ఎ, బి జన్యువులు ఉన్నా వాటి చక్కెర అతకడానికి చోటే ఉండదు. అందుకే తల్లిదండ్రుల్లో ఒకరు ఎబి గ్రూపైనా, బిడ్డ పరీక్షలో ఓ అని రావచ్చు. దాన్ని చూసి తల్లిని అనుమానించడం అన్యాయం.

మన ఒంట్లో లేని చక్కెరపై శరీరం పసితనం నుంచే ప్రతిరక్షకాలు తయారుచేసుకుంటుంది. పేగుల్లోని బాక్టీరియా మీద అలాంటి చక్కెరలే ఉండటం ఇందుకు కారణమని భావిస్తారు. బొంబాయి గ్రూపు వారికి హెచ్ పరాయిదే. కాబట్టి వారికి ఓ రక్తం ఎక్కిస్తే ప్రతిరక్షకాలు ఆ కణాలను రక్తనాళంలోనే పగలగొడతాయి. వెన్నునొప్పి, చలిజ్వరం, ఎర్రటి మూత్రం, ఆపై మూత్రపిండాల వైఫల్యం రావచ్చు.

పలక మీద ఎ, బి యాంటీసీరాల చుక్కలతో చేసే పరీక్ష ఒక్కటే చాలదు. ఆ పరీక్ష కణాన్ని మాత్రమే చూస్తుంది. రోగి సీరాన్ని ఓ కణాలతో కలిపి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. నిజమైన ఓ అయితే అవి ముద్దకట్టవు, బొంబాయి అయితే కడతాయి. తర్వాత యాంటీ-హెచ్‌తో కణాలను పరీక్షిస్తే ఖాయమవుతుంది. యులెక్స్ అనే ముళ్లపొద గింజల నుంచి తీసే లెక్టిన్ ఇందుకు పనికొస్తుంది.

మన దేశంలో సుమారు 10,000 మందిలో ఒకరికి ఈ గ్రూపు ఉంటుందని అంచనా. ఓ గ్రూపని చెప్పిన రోగికి ఓ సంచులేవీ క్రాస్‌మ్యాచ్‌లో కుదరకపోతే, యాంటీ-హెచ్ పరీక్ష చేయమని రక్తనిధి వారిని అడగండి. బొంబాయి గ్రూపని తేలితే, రోగి తోడబుట్టినవారికీ వెంటనే ఆ పరీక్ష చేయించండి. వారిలో ఒక్కొక్కరికీ అదే గ్రూపు ఉండే అవకాశం కనీసం నాలుగింట ఒక వంతు.