టమాటా బదులు చింతపండు: ధరల సూచీకి కనిపించని మార్పు

2023 జులైలో మదనపల్లె మార్కెట్లో మేలురకం టమాటా కిలో 150 రూపాయలు దాటింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతు బజార్లలో కిలో 50 రూపాయలకు అమ్మిస్తే తెల్లవారకముందే జనం బారులు తీరారు. ఆ నెల దేశవ్యాప్తంగా రిటైల్ ద్రవ్యోల్బణం 7.44 శాతంగా నమోదైంది. అంతకుముందు నెల అది ఐదు శాతం లోపే ఉంది. ఏడాది కిందటితో పోలిస్తే టమాటా ధర దాదాపు 200 శాతం పెరిగినట్టు సూచీలో తేలింది.

అదే నెలలో తెలుగువారి వంటిళ్లలో ఇంకో మార్పు జరిగింది. టమాటా పప్పు చేసే ఇళ్లలో గోంగూర పప్పు ఉడికింది. టమాటా చారు స్థానంలోకి చింతపండు చారు వచ్చింది. కూరలో నాలుగు టమాటాలు వేసే చోట ఒకటే పడింది. పులుపు పులుపే, అది వచ్చే దారి మారింది. సూచీకి మాత్రం ఈ మార్పు కనిపించలేదు. అది కనిపించేలా ఆ సూచీని కట్టలేదు.

ధరల సూచీ కట్టే పద్ధతి వినడానికి సులువుగానే ఉంటుంది. ముందుగా వేలాది కుటుంబాలను సర్వే చేసి, సగటు కుటుంబం ఏయే వస్తువుల మీద ఎంత ఖర్చు పెడుతోందో లెక్క తీస్తారు. ఆ జాబితానే బుట్ట అంటారు. మొత్తం ఖర్చులో ఒక్కో వస్తువుకు ఉన్న వాటా దాని వెయిటేజీ. ఇక ప్రతి నెలా బుట్ట అదే, వెయిటేజీలు అవే, మారేవి ధరలొక్కటే. 2023లో వాడుకలో ఉన్న సూచీకి 2012 ఆధార సంవత్సరం. దాని వెయిటేజీలు 2011-12 గృహ వినియోగ సర్వే నుంచి వచ్చాయి. ధరల కోసం 1,181 గ్రామాలు, 310 పట్టణాల్లోని 1,114 మార్కెట్లను ఎంచుకున్నారు. ధరలు సేకరించే ఉద్యోగి వీలైనంతవరకు అదే దుకాణానికి వెళ్లి, అదే రకం, అదే పరిమాణం ఎంతకు అమ్ముతున్నారో అడిగి రాసుకుంటారు. అర కిలో ప్యాకెట్ ధర రాసిన చోట వచ్చే నెల కిలో ప్యాకెట్ ధర రాయకూడదు. ఒక రకం బియ్యం ధర రాసిన చోట ఇంకో రకం ధర రాయకూడదు. వస్తువు మారితే, పెరిగింది ధరో నాణ్యతో తేల్చడం కష్టం.

ఈ లెక్కను ఒక చిన్న బుట్టతో వేసి చూడవచ్చు. ఇది ఉదాహరణ కోసం తీసుకున్న కుటుంబం. నెలకు 6 కిలోల టమాటా కిలో 30 రూపాయల చొప్పున కొంటుంది. దానికి 180 రూపాయలు. ఉల్లిపాయలు 4 కిలోలు, కిలో 25 చొప్పున 100 రూపాయలు. వంకాయలు 4 కిలోలు, కిలో 35 చొప్పున 140 రూపాయలు. చింతపండు అర కిలో, కిలో 160 చొప్పున 80 రూపాయలు. వెరసి 500 రూపాయలు.

కొన్నాళ్లకు టమాటా కిలో 100 రూపాయలైంది. వంకాయ 40కి చేరింది. ఉల్లి, చింతపండు ధరలు కదల్లేదు. పాత బుట్టనే ఇప్పుడు కొంటే టమాటాకు 600, ఉల్లికి 100, వంకాయకు 160, చింతపండుకు 80, మొత్తం 940 రూపాయలు అవుతుంది. 940ని 500తో భాగించి వందతో గుణిస్తే సూచీ 188. అంటే ధరలు 88 శాతం పెరిగాయి. వెయిటేజీల దారిలో వెళ్లినా ఇదే జవాబు వస్తుంది. బుట్టలో టమాటా వాటా 36 శాతం, దాని ధర పెరిగింది 233 శాతం. ఈ రెండూ కలిసి 84 పాయింట్లు తెచ్చాయి. మిగతా 4 పాయింట్లు వంకాయవి.

పాత పరిమాణాలను పట్టుకుని లెక్కించే ఈ సూత్రాన్ని 1871లో జర్మన్ ఆర్థికవేత్త ఎటియన్ లాస్పెయర్స్ ప్రతిపాదించాడు. ఇప్పటికీ చాలా దేశాల ధరల సూచీలకు మూలం ఇదే, భారతదేశానిది కూడా.

అయితే ఆ కుటుంబం నిజంగా 6 కిలోల టమాటా కొన్నదా? లేదు. రెండు కిలోలతో సరిపెట్టుకుని వంకాయ 5 కిలోలకు, చింతపండు ముప్పావు కిలోకు పెంచింది. ఉల్లి మామూలే. ఈ కొత్త బుట్టకు కొత్త ధరల్లో 620 రూపాయలైంది. ఇదే బుట్టను పాత ధరలకు కొని ఉంటే 455 రూపాయలయ్యేది. ఈ పోలికలో సూచీ దాదాపు 136, అంటే పెరుగుదల 36 శాతం. లాస్పెయర్స్ తర్వాత మూడేళ్లకు, 1874లో హెర్మన్ పాషె చూపిన దారి ఇది. ఆయన కొత్త పరిమాణాలను ప్రమాణంగా తీసుకున్నాడు.

ఒకే కుటుంబం, అవే ధరలు. ఒక లెక్కలో 88, ఇంకో లెక్కలో 36. ధర పెరిగిన వస్తువు నుంచి జనం పక్కకు జరుగుతారు. స్థిరమైన బుట్ట జరగదు. అందుకే అది జీవన వ్యయం పెరుగుదలను ఉన్నదానికన్నా ఎక్కువ చేసి చూపిస్తుంది. అర్థశాస్త్రంలో సబ్‌స్టిట్యూషన్ బయాస్ అనే దోషం ఇదే.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. కుటుంబం ఖర్చు 500 నుంచి 620కి పెరిగింది కాబట్టి ద్రవ్యోల్బణం 24 శాతమే అనిపించవచ్చు. అది తప్పు. ఆ 620 రూపాయలకు వచ్చింది పాత భోజనం కాదు. టమాటా ఇష్టంగా తినే ఇంట్లో నాలుగు కిలోలు తగ్గడం ఒక నష్టమే, ఆ నష్టానికీ విలువ కట్టాలి. అడగాల్సింది మునుపటి తృప్తి దక్కాలంటే ఇప్పుడు ఎంత ఖర్చవుతుందని. లాస్పెయర్స్ లెక్క ఈ నష్టాన్ని పూర్తిగా కలుపుకుని, కుటుంబం సర్దుకోగలదన్న సంగతిని వదిలేస్తుంది. పాషె లెక్క సర్దుబాటును పూర్తిగా లెక్కలోకి తీసుకుని, అందులోని నష్టాన్ని తక్కువ చేస్తుంది. సరైన జవాబు మామూలుగా ఈ రెంటి నడుమ ఉంటుంది. అమెరికా ఆర్థికవేత్త ఇర్వింగ్ ఫిషర్ రెండు సూచీలనూ గుణించి వర్గమూలం తీయాలన్నాడు. 188ని 136తో గుణించి వర్గమూలం తీస్తే దాదాపు 160 వస్తుంది. ఈ కుటుంబానికి కూరగాయల ధరలు 60 శాతం పెరిగాయనడం మిగతా రెండు అంకెలకన్నా నిజానికి దగ్గర.

ఈ దోషం ఎప్పుడు పుడుతుందో కూడా ఈ ఉదాహరణే చెబుతుంది. నాలుగు వస్తువులూ సమానంగా 20 శాతం పెరిగి ఉంటే దేన్నుంచి దేనికి మారినా లాభం ఉండేది కాదు, రెండు సూచీలూ 120 దగ్గరే కలిసేవి. ధరలు ఒకదానికొకటి ఎంత దూరం జరిగితే సూచీల మధ్య అంతరం అంత పెరుగుతుంది.

మరి ఫిషర్ సూత్రాన్నే ప్రతి నెలా ఎందుకు వాడరు? ధరలు వారాల్లో చేతికొస్తాయి, జనం ఎంతెంత కొన్నారో అంత త్వరగా తెలియదు. గృహ వినియోగ సర్వేకు ఏడాది పడుతుంది, దాని ఫలితాలు విడుదలయ్యేసరికి ఇంకొంత కాలం. నెల తిరగగానే 12వ తేదీకల్లా ద్రవ్యోల్బణం ప్రకటించాల్సిన సంస్థ పాత పరిమాణాలతోనే నడవాలి. అమెరికాలో ఈ ఇబ్బందికి 2002లో ఒక దారి చూశారు. మామూలు సూచీతో పాటు, పాత కొత్త ఖర్చుల వాటాలు రెండింటినీ కలుపుకునే గొలుసు సూచీ ఒకటి వెలువరించడం మొదలుపెట్టారు. అది మొదట తాత్కాలిక అంకెగా వస్తుంది, ఖర్చుల వివరాలు అందాక సవరిస్తారు.

దానికి ముందు అక్కడ పెద్ద చర్చే నడిచింది. మైకేల్ బాస్కిన్ నాయకత్వంలోని నిపుణుల కమిషన్ 1996 డిసెంబరులో ఇచ్చిన నివేదికలో, సూచీ ఏటా 1.1 శాతం పాయింట్ల మేర ఎక్కువ చూపిస్తోందని అంచనా వేసింది. అందులో 0.4 పాయింట్లు వస్తువుల మధ్య జనం చేసే మార్పిడి వల్ల వచ్చేవే. పెన్షన్లు, పన్ను శ్లాబులు సూచీతో ముడిపడి ఉండడంతో ఈ దశాంశాలు కోట్లాది మంది జేబులకు సంబంధించిన విషయమయ్యాయి. 2018 నుంచి అమెరికా ఆదాయ పన్ను శ్లాబులు గొలుసు సూచీ ప్రకారమే పెరుగుతున్నాయి, అంటే మునుపటికన్నా నెమ్మదిగా. సోషల్ సెక్యూరిటీ పెన్షన్లు మాత్రం స్థిర బుట్ట సూచీతోనే కొనసాగుతున్నాయి.

భారతదేశం ఈ దోషాన్ని రెండు చోట్ల తగ్గించింది. మొదటిది ఒకే వస్తువులోని రకాల మధ్య. రెండు సబ్బుల్లో ఒకదాని ధర రెట్టింపై, రెండోది అలాగే ఉంటే, మామూలు సగటు ప్రకారం సబ్బుల ధర 50 శాతం పెరిగినట్టు. గుణోత్తర సగటు తీస్తే పెరుగుదల 41 శాతం. కొందరు చవక సబ్బుకు మారతారన్న వాస్తవం ఈ రెండో సగటులో ఇమిడి ఉంటుంది. 2012 ఆధారంగా తెచ్చిన సూచీ నుంచి దేశంలో ఈ పద్ధతే వాడుతున్నారు.

రెండోది బుట్టను మార్చడం. టమాటా ధర రెండు నెలల్లో దిగింది, సెప్టెంబరుకల్లా ద్రవ్యోల్బణం 5.02 శాతానికి వచ్చింది, కుటుంబాలూ మళ్లీ టమాటాకు తిరిగొచ్చాయి. అలాంటి కుదుపు వల్ల వచ్చే దోషం దానంతటదే సర్దుకుంటుంది. ఏళ్ల తరబడి మెల్లగా జరిగే మార్పు అలా సర్దుకోదు. 2011-12లో పల్లె కుటుంబం ఖర్చులో ధాన్యాల వాటా పది శాతం పైన. 2023-24 సర్వేలో అది ఐదు శాతం దగ్గరికి దిగింది. ఇందులో ఆదాయం పెరిగినందువల్ల వచ్చిన మార్పు కూడా ఉంది, అంతా ధరలను చూసి చేసిన మార్పిడి కాదు. కారణం ఏదైనా, బియ్యం ధర పెరిగితే పాత బుట్ట దాన్ని ఇళ్లలోని అసలు వాటాకన్నా పెద్దదిగా లెక్కిస్తుంది. 2024 ఆధార సంవత్సరంగా 2023-24 సర్వే వాటాలతో కొత్త సూచీ తేవడానికి ఇదే ముఖ్య కారణం.

సవరణకు ఒక హద్దు ఉంది. మారడానికి ఇంకోటి ఉన్నప్పుడే మార్పిడి కుదురుతుంది. ఇంటి అద్దె, ఊరికి వెళ్లే ఏకైక బస్సు చార్జీ, డాక్టర్ రాసిన ఇన్సులిన్ విషయంలో పక్కకు జరగడానికి చోటు లేదు. ఇప్పటికే అన్నిటికన్నా చవక బియ్యం కొనే కుటుంబానికి దిగడానికి ఇంకో మెట్టు లేదు. సోనా మసూరి తినే ఇల్లు ధర పెరిగితే తక్కువ రకానికి మారగలదు, అట్టడుగు రకం తినే ఇల్లు పూట తగ్గించుకోవాలి. అలాంటి ఇంటికి స్థిర బుట్ట చూపే అంకెలో అతిశయోక్తి చాలా తక్కువ. దేశమంతటికీ కలిపి తీసే ఒక్క సగటులో ఈ రెండు రకాల ఇళ్లూ కలిసిపోతాయి. ఎవరికి ఎంత మారే అవకాశం ఉందో తెలియాలంటే ఆదాయ వర్గాల వారీగా వేర్వేరు బుట్టలతో సూచీలు కట్టాలి. వాటికి కావలసిన ఖర్చుల వివరాలు గృహ వినియోగ సర్వేలోనే ఉన్నాయి.